థాయ్ షాపింగ్ యాప్‌లో కూపన్ ఎందుకు పట్టదు? ఖన్ తమ్, గడువు, పాయింట్ల లెక్క

[తెర మీద: కార్ట్‌లో 620 బాత్‌ల చొక్కా. కింద రెండు కూపన్లు, రెండోది బూడిద రంగులో.]

బ్యాంకాక్‌లో ఉంటూ షాపీ, లజాడా లాంటి యాప్‌లు వాడే మనవాళ్లకి ఈ తెర బాగా తెలుసు. కూపన్ చేతిలోనే ఉంటుంది, గడువూ ఉంటుంది, అయినా పట్టదు. కారణం ఆ కూపన్ మీదే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ థాయ్ మాటలు నాలుగు గుర్తుపడితే చాలు.

[తెర మీద: ขั้นต่ำ ฿500 · ลดสูงสุด ฿50]

ขั้นต่ำ, అంటే ఖన్ తమ్. కనీసం ఇంత సరుకు కొనాలని అర్థం. ఇందులో డెలివరీ చార్జీ కలవదు. సరుకు 480, డెలివరీ 40 కలిపి 520 అయ్యింది కదా అనుకుంటే పొరపాటే, 500 కూపన్ తెరుచుకోదు. ลดสูงสุด అంటే తగ్గింపు ఇంతకి మించదు అని. "10 శాతం తగ్గింపు, గరిష్ఠంగా 50 బాత్‌లు" అని ఉంటే, 500 బాత్‌ల తర్వాత ఎంత కొన్నా ఆ 50 పెరగదు.

[తెర మీద: โค้ดร้านค้า · โค้ดส่วนลด · โค้ดส่งฟรี]

ఇక ఒకదానిమీద ఒకటి వాడటం. కూపన్లు మూడు రకాలు: దుకాణం ఇచ్చేది, యాప్ ఇచ్చేది, డెలివరీ ఉచితం చేసేది. మామూలుగా ఒక్కో రకం నుంచి ఒక్కటి వాడుకోవచ్చు. యాప్ ఇచ్చినవి రెండు తగ్గింపు కూపన్లు ఉంటే అందులో ఒకటే పడుతుంది. కూపన్ వివరాల్లో ใช้ร่วมกับโค้ดอื่นไม่ได้ అని కనిపిస్తే, అది వేరే కూపన్‌తో కలవదని అర్థం.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. దుకాణం కూపన్ తగ్గించాక మిగిలిన మొత్తం మీద యాప్ కూపన్ కనీస కొనుగోలు చూస్తే ఏమవుతుందో మన కార్ట్‌లోనే చూద్దాం.

[తెర మీద: 620 − 50 = 570. యాప్ కూపన్: ลด ฿80 ขั้นต่ำ ฿600]

పైన చూసిన 10 శాతం కూపన్ ఈ దుకాణం ఇచ్చిందే అనుకుందాం. 620లో 10 శాతం 62. కానీ గరిష్ఠం 50 కాబట్టి 570 మిగిలింది. 80 బాత్‌లు తగ్గించే యాప్ కూపన్‌కి 600 కావాలి. అందుకే అది బూడిద రంగులోకి పోయింది. దుకాణం కూపన్ తీసేసి చూడండి. వెంటనే యాప్ కూపన్ వెలిగితే, ఆ యాప్ తగ్గింపు తర్వాతి మొత్తాన్నే లెక్కిస్తోందన్నమాట. ప్రతి కూపన్‌కీ ఇదే నియమం ఉంటుందనుకోవద్దు, ఇలా తీసి చూస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు దుకాణం కూపన్ ఒక్కటే వాడితే 570 కట్టాలి. యాప్ కూపన్ ఒక్కటే వాడితే 540. అదే దుకాణంలో 30 బాత్‌ల సాక్సులు కలపండి. మొత్తం 650, దుకాణం కూపన్‌తో 600, ఇప్పుడు యాప్ కూపన్ కూడా పట్టి 520! సరుకు ఒకటి పెరిగింది, బిల్లు 20 తగ్గింది. తెర మీద ซื้อเพิ่มอีก అంటే "ఇంకా ఇంత కొనండి" అనే వరస కనిపిస్తే, కొట్టిపారేసే ముందు ఈ కూడిక ఒక్కసారి వేసుకోండి. అయితే ఆ 30 కోసం అవసరం లేని 200 బాత్‌ల వస్తువు కలిపితే మాత్రం ఈ లాభం పోతుంది.

[తెర మీద: หมดอายุ 30 มิ.ย. 69]

గడువు చూద్దాం. หมดอายุ, పలకడం మొత్ ఆయు. మనకి ఇది సులువు: ఆయు అంటే మన ఆయువే, మొత్ అంటే అయిపోవడం. ఆయువు తీరిందన్నమాట. మరి 69 ఏంటి? థాయ్‌లాండ్‌లో బౌద్ధ శకం వాడతారు, మన సంవత్సరానికి 543 ఎక్కువ. 2569లోంచి 543 తీస్తే 2026. రెండంకెలే ఉంటే 43 తీసేయండి. 69 చూసి బోలెడు కాలం ఉందనుకుంటే కూపన్ పోయినట్టే. มิ.ย. అంటే జూన్. 23:59 అని ఉంటే అది థాయ్ సమయం, మన దేశంలో రాత్రి 10:29. హైదరాబాద్‌లో కూర్చుని అక్కడున్నవాళ్లకి ఆర్డర్ పెట్టేవాళ్లు ఇది చూసుకోవాలి.

ఇంకో మాట. เก็บ అనే బటన్ నొక్కి కూపన్ దాచుకున్నంత మాత్రాన అది మీకోసం ఆగి ఉండదు. చాలా కూపన్లకి సంఖ్య పరిమితి ఉంటుంది. 11.11 లాంటి అమ్మకాల రోజున, గడువు మిగిలే ఉన్నా వేరేవాళ్లు ముందే వాడేసి కోటా అయిపోవచ్చు. అప్పుడు కూపన్ పేజీలో సాధారణంగా สิทธิ์เต็ม అని వస్తుంది.

[తెర మీద: పాయింట్ల పేజీ, పైన పెద్ద అంకె 140, కింద చిన్న వరస]

పాయింట్లకి వేరే గడువు. పైన 140 అని పెద్దగా ఉన్నా, అవన్నీ ఒకేరోజు వచ్చినవి కావు. కింద చిన్న వరసలో "ఇందులో ఇన్ని ఫలానా తేదీకి పోతాయి" అని ఉంటుంది, ఆ తేదీనే చూడాలి. కూపన్లు పట్టాక చివర్లో పాయింట్లు ఆన్ చేసి, ఎన్ని తీసుకుందో చూడండి. ఒక ఆర్డర్‌లో ఇంతవరకే అనే హద్దు ఉంటే, 140 ఉన్నా తక్కువే కోస్తుంది.

[తెర మీద: వాపసు. 30 × 520 ÷ 650 = 24]

ఆ సాక్సులు తర్వాత వెనక్కి పంపితే? తగ్గింపుని వస్తువుల ధరల నిష్పత్తిలో పంచే యాప్‌లో 30 రాదు, 24 వస్తుంది. కట్టింది 650లో 520, అంటే బాత్‌కి 80 సతాంగ్ చొప్పున. డబ్బు తక్కువ వచ్చిందని ఫిర్యాదు పెట్టేముందు, ఆర్డర్ వివరాల్లో ఒక్కో వస్తువుకీ పడిన తగ్గింపు చూడండి. వాపసులో కూపన్ తిరిగొచ్చినా పాత గడువుతోనే వస్తే, ఆ తేదీ అప్పటికే దాటిపోయి ఉండొచ్చు.