కాటా దగ్గర ట్రాక్టర్ల వరుస: సర్వర్ ఎందుకు నెమ్మదిస్తుందో బోర్డుకు చెప్పడం ఎలా

నమస్కారం. ఈ వీడియోలో ఒకే ఒక్క ప్రశ్న తీసుకుంటున్నాను. "సర్వర్ ఇంకా పది శాతం ఖాళీగా ఉందని మీరే అంటున్నారు. మరి ఇంకొకటి ఎందుకు కొనాలి?" బోర్డు సభ్యులు ఇలా అడగడంలో తప్పు లేదు. గోదాములో పది శాతం ఖాళీ ఉంటే ఎవరూ ఇంకో గోదాము కట్టరు. సర్వర్ గోదాములాంటిది కాదని వాళ్లకు ఎలా చెప్పాలో చూద్దాం.

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు పరిశ్రమ ఉందనుకోండి. రైతుల రశీదులు, చెల్లింపులు, లారీల పత్రాలు అన్నీ ఒకే సర్వర్ మీద నడుస్తున్నాయి. ఒక్కో రశీదుకు సర్వర్ సగటున అర సెకను పని చేస్తుంది. అయినా జూన్‌లో ఉదయం పూట రశీదు రావడానికి ఐదు సెకన్లు పడుతోంది. ఈ అర సెకను ఐదు సెకన్లు ఎలా అయిందన్నదే మనం వివరించాల్సిన విషయం.

సమావేశంలో మొదటి మాటగా సర్వర్ పేరు ఎత్తకండి. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లందరూ తోతాపురి సీజన్‌లో పరిశ్రమ గేటు బయట ట్రాక్టర్ల వరుసను చూసినవాళ్లే. అందుకని కాటా దగ్గర మొదలుపెట్టండి. ఇలా అడగండి:

"ఛైర్మన్ గారూ, మన కాటా మీద ఒక్కో బండి తూకానికి సగటున ఆరు నిమిషాలు పడుతుందనుకుందాం. అంటే గంటకు పది బండ్లు తూయగలం. గంటకు ఐదు బండ్లు వస్తున్నప్పుడు ఒక్కో రైతు సగటున ఆరు నిమిషాలు ఆగుతాడు. గంటకు తొమ్మిది వస్తే ఎంతసేపు ఆగాల్సి వస్తుందంటారు?"

ఇక్కడ ఆగండి. వాళ్లు ఒక అంకె చెప్పేదాకా మీరు మాట్లాడకండి. సాధారణంగా పది, పన్నెండు నిమిషాలంటారు. బండ్లు దాదాపు రెట్టింపయ్యాయి కాబట్టి ఎదురుచూపు కూడా రెట్టింపవుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. వాళ్లు నోరు తెరిచి ఒక అంకె చెప్పాకే అసలు అంకె వాళ్ల మనసులో నిలుస్తుంది.

[తెరపై నాలుగు అంకెలు ఒక్కొక్కటిగా: గంటకు 5 బండ్లు, 6 నిమిషాలు. 8 బండ్లు, 24 నిమిషాలు. 9 బండ్లు, 54 నిమిషాలు. 9.5 బండ్లు, 114 నిమిషాలు.]

తొమ్మిది బండ్లకు 54 నిమిషాలు. ఆ పైన గంటకు అర బండి పెరిగితే చాలు, ఎదురుచూపు దాదాపు రెండు గంటలు. లెక్క చాలా తేలిక: కాటా పనిలో ఉన్న శాతాన్ని ఖాళీగా ఉన్న శాతంతో భాగించి, ఒక తూకానికి పట్టే సమయంతో గుణించాలి. 90ని 10తో భాగిస్తే 9. తొమ్మిది ఆర్లు 54. ఇలాంటి వరుసల లెక్కకు పునాది వేసినవాడు ఎర్లాంగ్ అనే డేనిష్ ఇంజనీరు. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కాల్స్ మీద ఆయన 1909లో రాసిన వ్యాసం దగ్గర ఈ శాస్త్రం మొదలైంది. బోర్డు దగ్గర ఈ సంగతి ఎత్తనక్కర్లేదు. ఎవరైనా అడిగితే మాత్రం ఇది మీ ఊహ కాదని చెప్పడానికి పనికొస్తుంది.

తర్వాత కారణం చెప్పాలి. చాలామంది అంకెలు చూపించి ఇక్కడ వదిలేస్తారు, నాకు అదే బాధ. బండ్లు గడియారం చూసుకుని సరిగ్గా సమాన వ్యవధిలో వస్తే, ప్రతి తూకమూ సరిగ్గా ఆరు నిమిషాల్లో ముగిస్తే, గంటకు తొమ్మిది వచ్చినా ఒక్క రైతు కూడా ఆగనక్కర్లేదు. కానీ బండ్లు అలా రావు. బంగారుపాళెం వైపు నుంచి నాలుగు ఒకేసారి వస్తాయి, ఆపైన పావుగంట ఒక్కటీ రాదు. ఒక బండి పని మూడు నిమిషాల్లో అయిపోతే, ఇంకో బండి దగ్గర కాగితాలు సరిపోక పన్నెండు నిమిషాలు పడుతుంది. ఖాళీగా గడిచిన పావుగంటను కాటా తర్వాతి గంటకు దాచుకోలేదు. గుంపుగా వచ్చిన బండ్ల వరుస కరగాలంటే ఆ తర్వాత తీరిక సమయం ఉండాలి. తీరిక పది శాతమే ఉన్నప్పుడు పాత వరుస కరగకముందే కొత్త గుంపు వచ్చి చేరుతుంది.

ఇప్పుడు సర్వర్ మాట ఎత్తండి. కాటా అంటే సర్వర్. బండి అంటే రశీదు కోసం గుమాస్తా నొక్కే బటన్. ఆరు నిమిషాల బదులు అర సెకను. 90 శాతం దగ్గర ఎదురుచూపు నాలుగున్నర సెకన్లు, దానికి పని చేసే అర సెకను కలిపితే ఐదు. మనం మొదట చెప్పుకున్న ఐదు సెకన్లు ఇవే.

వెంటనే ఒకరు అంటారు: "మీ నివేదికలో రోజు సగటు వాడకం 55 శాతమే ఉంది కదండీ." మంచి ప్రశ్న. అర్ధరాత్రి కాటా ఖాళీగా ఉంటే ఉదయం వచ్చిన రైతుకు ఒరిగేదేమీ లేదు. అందుకే రోజు సగటు కాకుండా రద్దీ వేళ వాడకం ఎంతో విడిగా తీసి, ఆ అంకెతోనే సమావేశానికి వెళ్లండి.

వెళ్లేముందు మీరు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. అదే రశీదును రాత్రి పదకొండు గంటలకు తీసి చూడండి. అప్పుడు అర సెకనులో వస్తే సమస్య వరుసదే. అప్పుడూ ఐదు సెకన్లు పడుతుంటే వరుసది కాదు. తూకమే నెమ్మదిగా జరుగుతోందన్నమాట, అంటే ప్రోగ్రాం గానీ డేటాబేస్ గానీ సరిచేయాలి. అలాంటప్పుడు ట్రాక్టర్ల పోలిక చెప్పి కొత్త సర్వర్ కొనిపిస్తే బోర్డును తప్పుదారి పట్టించినట్టే.

పోలిక ఎక్కడ చెల్లదో కూడా మీరే ముందుగా చెప్పాలి. వరుసలో ఆగిన కాయ పండిపోయి చెడుతుంది, ఆగిన రశీదు చెడదు. కాబట్టి డేటా పాడవుతుందేమోనని సభ్యులు కంగారుపడకుండా చూడండి. దీనికంటే ముఖ్యమైన తేడా ఇంకొకటుంది. ఆగిన రైతు బండి మీదే కూర్చుంటాడు. ఆగిన గుమాస్తా మాత్రం అదే బటన్‌ను మళ్లీ నొక్కుతాడు. ఒక్క బండి రెండై వరుసలో నిలుస్తుంది. అందువల్ల రద్దీలో సర్వర్ పరిస్థితి మన లెక్క చెప్పినదానికంటే అధ్వాన్నంగా ఉండవచ్చు.

ఇక పరిష్కారం. పక్కనే రెండో కాటా పెట్టి, రెండింటికీ ఒకే వరుస నడిపిస్తే 54 నిమిషాలు ఎంతకు తగ్గుతాయి? సగానికి తగ్గుతాయనుకుంటారు. నిజానికి ఒకటిన్నర నిమిషానికి తగ్గుతాయి. ఒకే వరుస అన్నది తప్పనిసరి షరతు. వరుసలు విడివిడిగా పెడితే ఒక కాటా ఖాళీగా ఉన్నా రెండోదాని ముందు బండ్లు ఆగి ఉంటాయి. సర్వర్లకు ఆ ఒకే వరుసను నడిపే ప్రోగ్రాం కూడా కావాలి. దాని ఖర్చు, రెండు సర్వర్లూ ఒకే డేటాను చూసేలా చేసే ఖర్చు మీ అంచనాలో కలపండి.

పోలిక బాగా అందితే ఒక సభ్యురాలు ఇలా అడగవచ్చు: "సీజన్‌లో రైతులకు టోకెన్లు ఇచ్చి వేళలు కేటాయిస్తాం కదా, సర్వర్‌కు ఆ పని చేయలేమా?" చేయగలం. ఉదయం తొమ్మిదికి నడిచే ఖాతాల నివేదికను తెల్లవారుజాము మూడుకు మార్చితే, రద్దీ వేళ వాడకం 90 నుంచి 80కి దిగుతుందనుకోండి. ఎదురుచూపు నాలుగున్నర సెకన్ల నుంచి రెండుకు తగ్గుతుంది, పైసా ఖర్చు లేకుండా. అందుకే బోర్డు ముందు పెట్టే కాగితంలో రెండు ప్రతిపాదనలూ రాయండి: ఈ సీజన్‌కు నివేదికల వేళలు మార్చడం, రద్దీ వేళ వాడకం మళ్లీ 85 శాతం దాటిన రోజు రెండో సర్వర్ కొనడం.