గ్యారంటర్ సంతకం ఎంతవరకు?

యాంకర్: డాలస్ నుంచి శ్రావణి, మన కావలి అమ్మాయి. చెప్పమ్మా.

శ్రావణి: నమస్తే సార్. ఇక్కడ ముగ్గురం కలిసి అపార్ట్‌మెంట్ తీసుకుంటున్నాం. అద్దె 1500 డాలర్లు. మాకు క్రెడిట్ హిస్టరీ లేదని ఓనర్ గ్యారంటర్‌ని అడుగుతున్నారు. నాన్న జీతం కాగితాలు చెల్లవన్నారు. మా పెదనాన్న కొడుకు ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాడు, అన్నయ్యని అడగమంటోంది అమ్మ.

సలహాదారు: అడుగు. కానీ దేనికి సంతకం పెడుతున్నాడో ముందే చెప్పి అడుగు. లీజు ఒక్కటేనా?

శ్రావణి: ఒక్కటే సార్, ముగ్గురి పేర్లూ ఉన్నాయి.

సలహాదారు: అందులో ‘జాయింట్లీ అండ్ సెవరల్లీ’ అన్న మాట ఉందేమో వెతుకు. ఉంటే, నీ వాటా 500 అని నువ్వనుకున్నా, ఓనర్ మొత్తం 1500 మీలో ఎవరినైనా అడగొచ్చు. జనవరిలో ఒకమ్మాయి వేరే యూనివర్సిటీకి వెళ్లిపోయిందనుకో, ఆమె 500 మీ ఇద్దరి మీద పడుతుంది. మీరూ కట్టలేకపోతే అన్నయ్య మీద పడుతుంది. అందుకే గ్యారంటీ నీ వాటాకేనా, మొత్తం అద్దెకా, లీజు పొడిగిస్తే అదీ కొనసాగుతుందా అని ఓనర్‌ని ఈమెయిల్‌లో అడుగు. ఫోన్‌లో చెప్పిన మాట రేపు పనికిరాదు. వదినకీ ఆ జవాబు చూపించు. చెప్పకుండా సంతకం చేయించుకుంటే రేపు ఇంట్లో పెళ్లికి కలిసినప్పుడు ఇబ్బంది.

శ్రావణి: అన్నయ్య కాదంటే?

సలహాదారు: ఫీజు తీసుకుని గ్యారంటీ ఇచ్చే కంపెనీలున్నాయి. ఓనర్ ఏ కంపెనీని ఒప్పుకుంటారో ముందు కనుక్కో.

శ్రావణి: ‘వాటర్, ట్రాష్ ఇన్‌క్లూడెడ్’ అని రాశారు సార్.

సలహాదారు: అద్దెలోనే కలిసున్నాయా, లేక బిల్డింగ్ బిల్లుని ఇళ్లకు పంచి ప్రతి నెలా విడిగా వేస్తారా? ఈ రెండో పద్ధతి అక్కడ మామూలే. పాత బిల్లులు రెండు చూపించమను. ఇక కరెంటు. డాలస్‌లో సాధారణంగా కంపెనీని మీరే ఎంచుకుని కనెక్షన్ పెట్టించుకోవాలి. అక్కడి ఎండలకు ఏసీ ఆపలేరు, మన నెల్లూరు లాగే.

శ్రావణి: రెంటర్స్ ఇన్సూరెన్స్ కూడా తప్పదంటున్నారు.

సలహాదారు: ఓనర్ ఇన్సూరెన్స్ బిల్డింగ్‌కే, నీ లాప్‌టాప్‌కి కాదు. నీ వంటగదిలో మంటలొచ్చి పక్కింటికి నష్టమైతే కాపాడేది నీ పాలసీయే. ఎంత లయబిలిటీ కావాలో అడుగు. పాలసీలో ముగ్గురి పేర్లూ ఉన్నాయో లేదో చూసుకో, ఒక్కరి పేరే ఉంటే మిగతా ఇద్దరి సామానుకి దిక్కుండదు. తాళాలెప్పుడిస్తారు?

శ్రావణి: ఆగస్టు 20న. లీజు మాత్రం ఒకటో తేదీ నుంచి రాశారు.

సలహాదారు: అదే మార్పించమ్మా. 20 నుంచి 31 వరకు 12 రోజులు. 1500ని 31తో భాగించి 12తో గుణిస్తే దాదాపు 581 డాలర్లు. తేదీ మార్చకపోతే లేని ఇంటికి 919 డాలర్లు ఎక్కువ కడతారు. కరెంటు, పాలసీ కూడా 20 నుంచే మొదలుపెట్టించండి.

శ్రావణి: అయితే అన్నయ్యకి ఇప్పుడే ఫోన్ చేస్తాను సార్.

యాంకర్: ఇక్కడ పొద్దున పదైంది. అక్కడెంతమ్మా?

శ్రావణి: రాత్రి పదకొండున్నర.

సలహాదారు: రేపు చెయ్యమ్మా.