సగం ధర అన్న బిర్యానీ బిల్లు 617 ఎట్లయింది?

[తెర మీద: ఫోన్‌లో ఫుడ్ డెలివరీ బిల్లు. యాప్ పేరు, హోటల్ పేరు కనపడకుండా దాచాలి.]

నమస్తే. పోయిన ఆదివారం మా ఇంటికి వచ్చిన బిల్లు ఇది. మేం హన్మకొండలో, నయీంనగర్‌లో ఉంటాం. చౌరస్తా దగ్గరి హోటల్ నుంచి రెండు చికెన్ బిర్యానీలు, ఒక డబుల్ కా మీఠా తెప్పించాను. యాప్ తెరవగానే పైన పెద్ద అక్షరాలతో "50 శాతం తగ్గింపు" అని ఉంది. అది చూసే ఆర్డర్ పెట్టాను.

తిన్నాక అమ్మ నా ఫోన్ తీసుకుని బిల్లు చూసింది. "సగం ధరకే వస్తదన్నవు కదరా. ఆరు వందల తిండికి ఆరు వందల పదిహేడు ఎట్లయింది?" అని అడిగింది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి కూర్చుని బిల్లులో ఒక్కో లైన్ లెక్క వేశాను. ఆ లెక్కే ఈ వీడియో.

[తెర మీద: పూర్తి బిల్లు, ఒక్కో లైన్ నెమ్మదిగా కిందికి]

ఐటమ్ టోటల్ 600
తగ్గింపు −100
ప్యాకేజింగ్ చార్జీ 30
డెలివరీ ఫీజు 36
ప్లాట్‌ఫామ్ ఫీజు 15
పన్నులు 35.68
మొత్తం 616.68

రౌండ్ చేస్తే 617.

[తెర మీద: మొదటి లైన్ పెద్దగా]

అందరూ చూడకుండా దాటేసే మొదటి లైన్‌తో మొదలుపెడదాం. ఐటమ్ టోటల్. బిర్యానీ ఒక్కోటి 260, అంటే 520. డబుల్ కా మీఠా 80. మొత్తం 600. ఇందులో చూడటానికేముంది, తిండి ధరే కదా అనుకుంటాం.

సోమవారం ఆ హోటల్ ముందు నుంచి వెళ్తూ ఆగి, కౌంటర్ దగ్గర ధరల బోర్డు చూశాను. అక్కడ అదే బిర్యానీ 220. డబుల్ కా మీఠా 60. అంటే నా ఆర్డర్ అక్కడ 500 రూపాయలది. యాప్‌లో 600. వంద రూపాయల తేడా బిల్లులో ఏ ఫీజు పేరుతోనూ కనపడదు, తిండి ధరలోనే కలిసిపోయి ఉంది.

ఇది హోటల్ వాళ్ల మోసం అని నేను అనను. యాప్ ప్రతి ఆర్డర్ మీద హోటల్ దగ్గర కమిషన్ తీసుకుంటుంది. ఆర్డర్ విలువలో ఐదో వంతు, అంతకన్నా ఎక్కువ పోవడం కూడా మామూలే. ఆ కమిషన్ కట్టి, మసాలాకూ మాస్టర్ జీతానికీ మిగలాలంటే చాలామంది యాప్‌లో ధర పెంచుతారు. అయితే అందరూ ఒకేలా పెంచరు. బయట, యాప్‌లో ఒకే ధర పెట్టే హోటళ్లు కూడా ఉన్నాయి. అందుకే మీరు తరచూ తెప్పించే రెండు మూడు హోటళ్ల బోర్డును ఒకసారి ఫోటో తీసి పెట్టుకోండి. ఈ లైన్‌ను పోల్చి చూడాలంటే ఆ ఫోటో తప్ప వేరే దారి లేదు.

[తెర మీద: "−100" ఆకుపచ్చ రంగులో]

ఇప్పుడు తగ్గింపు. 600లో 50 శాతం అంటే 300 తగ్గాలి. తగ్గింది 100. కూపన్ నొక్కి చూస్తే కింద చిన్న అక్షరాల్లో "గరిష్ఠంగా 100 రూపాయలు" అని ఉంది. అంటే గరిష్ఠం 100 అని ఉన్న ఏ కూపన్ అయినా 200 రూపాయల ఆర్డర్ వరకే నిజంగా సగం ధర. 400 ఆర్డర్‌కు అది పావు వంతు. నా 600 ఆర్డర్‌కు ఆరో వంతు. ఆర్డర్ పెరిగే కొద్దీ ఆ 50 అనే అంకెకు విలువ తగ్గిపోతుంది. కాబట్టి కూపన్‌లో శాతాన్ని చూడకండి, గరిష్ఠం అని రాసిన రూపాయలు చూడండి.

ఇంకో సంగతి. ఈ కూపన్ పడాలంటే ఆర్డర్ కనీసం 599 ఉండాలి. నేను మొదట పెట్టింది రెండు బిర్యానీలే, 520. దానికి 60 రూపాయలు తగ్గించే చిన్న కూపన్ ఉంది. కానీ వంద తగ్గుతుందని డబుల్ కా మీఠా చేర్చాను. దాని ధర 80, డబ్బాకు 10, ఆ రెండింటి మీద పన్ను నాలుగున్నర. అంటే కూపన్‌లో ఇంకో 40 రూపాయల కోసం దాదాపు 95 రూపాయలు ఎక్కువ పెట్టాను. మా ఇంట్లో అందరికీ మీఠా ఇష్టం, తిన్నాం కాబట్టి బాధ లేదు. కూపన్ కోసమే కొని, ఫ్రిజ్‌లో పెట్టి, మూడో రోజు పారేస్తే మాత్రం ఆ డబ్బు పోయినట్టే.

అమ్మ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరికింది. మొదటి లైన్‌లో వంద పెరిగింది, రెండో లైన్‌లో వంద తగ్గింది. ఇప్పుడు మనం హోటల్ బోర్డు ధర దగ్గరే నిలబడి ఉన్నాం. ఇంకా ఒక్క ఫీజు కూడా పడలేదు.

[తెర మీద: ప్యాకేజింగ్ చార్జీ 30]

ప్యాకేజింగ్ చార్జీ. ఇది హోటల్ పెట్టేది, హోటల్‌కే వెళ్లేది. చాలాచోట్ల దీన్ని ఆర్డర్‌కు ఇంత అని కాకుండా ఐటమ్‌కు ఇంత అని వేస్తారు. నా బిల్లులో మూడు ఐటమ్‌లకు పదేసి చొప్పున 30. నలుగురికి నాలుగు సింగిల్ బిర్యానీలు పెడితే నాలుగు డబ్బాల చార్జీ పడుతుంది. అదే ఒక ఫ్యామిలీ ప్యాక్ పెడితే ఒక్క డబ్బాదే. ఈ లైన్ పక్కన గుర్తు నొక్కితే లెక్క ఎలా వేశారో కొన్ని యాప్‌లు చూపిస్తాయి.

[తెర మీద: నయీంనగర్ నుంచి చౌరస్తా దాకా మ్యాప్]

డెలివరీ ఫీజు 36. ఇది దూరాన్ని బట్టి మారుతుంది. నయీంనగర్‌కు పడినంతే కాజీపేటకు పడదు, అక్కడికి ఎక్కువ. వాన పడుతున్నప్పుడు, ఆర్డర్లు ఎక్కువై బండ్లు తక్కువున్నప్పుడు ఇంకొంత కలుస్తుంది. కొన్నిసార్లు దాన్ని వేరే లైన్‌గా చూపిస్తారు. ఆర్డర్ చాలా చిన్నదైతే చిన్న ఆర్డర్ ఫీజు అని ఇంకోటి వేస్తారు. మెంబర్‌షిప్ కట్టి డెలివరీ ఫ్రీ అనుకునేవాళ్లు ఒకటి చూసుకోండి. ఆ ఫ్రీకి కనీస ఆర్డర్, దూరం హద్దులు ఉంటాయి. హద్దు దాటితే ఫీజు మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

మనం కట్టిన 36 మన గేటు దగ్గరికి వచ్చిన అబ్బాయికి అట్లనే చేరదు. అతనికిచ్చే డబ్బును యాప్ వేరే లెక్కతో కడుతుంది. ఎండలో వచ్చాడు, ఏమైనా ఇవ్వాలి అనిపిస్తే టిప్ వేరుగా ఇవ్వండి. ఫీజు కట్టాం కదా అని ఊరుకుంటే అతనికి అందిందని అనుకోవడానికి లేదు.

ప్లాట్‌ఫామ్ ఫీజు 15. దీని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. యాప్ వాడినందుకు యాప్ తీసుకునేది. 2023లో 2 రూపాయలతో మొదలైంది, తర్వాత పది దాటింది. ఆర్డర్ 150 అయినా 1500 అయినా ఒకటే. మెంబర్‌షిప్ ఉన్నా సాధారణంగా తీసేయరు. అందుకే పొద్దున ఒక టీ, సాయంత్రం ఒక సమోసా అని విడివిడిగా తెప్పించేవాళ్లకే ఇది ఎక్కువ తగులుతుంది.

[తెర మీద: పన్నులు 35.68. వేలితో నొక్కగానే మూడు ముక్కలుగా విడిపోవాలి.]

ఇక పన్నులు. చాలామంది ఈ లైన్ దగ్గర ఆగిపోతారు, కానీ లెక్క సులువే. ఇందులో రెండు రేట్లు ఉన్నాయి. తిండికి 5 శాతం, ఫీజులకు 18 శాతం.

మొదట తిండి. ప్యాకింగ్ డబ్బా తిండితో పాటే వస్తుంది కాబట్టి దానికీ 5 శాతమే. నా బిల్లులో 600 నుంచి తగ్గింపు 100 తీసేసి, ప్యాకింగ్ 30 కలిపితే 530. దాని మీద 5 శాతం 26.50. ఇన్వాయిస్‌లో ఇదే రెండు సగాలుగా కనపడుతుంది. రెండున్నర శాతం కేంద్రానికి, రెండున్నర శాతం రాష్ట్రానికి.

తర్వాత ఫీజులు. డెలివరీ 36, ప్లాట్‌ఫామ్ 15, కలిపి 51. దాని మీద 18 శాతం 9.18. ప్లాట్‌ఫామ్ ఫీజుకు 18 శాతం ముందు నుంచీ ఉంది. డెలివరీ ఫీజు మీద జీఎస్టీ కట్టే బాధ్యతను 2025 సెప్టెంబర్ 22 నుంచి యాప్‌ల మీద పెట్టారు. 26.50కి 9.18 కలిపితే 35.68. బిల్లులో ఉన్నది కూడా అంతే. నా బిల్లులో పన్ను సరిగానే ఉంది.

మీ బిల్లులో లెక్క కుదరకపోతే వెంటనే తప్పు అనుకోకండి. ముందు తగ్గింపు ఎవరిచ్చారో చూడండి. హోటల్ తన ధర తగ్గించుకుంటే తగ్గిన ధర మీదే పన్ను పడాలి. యాప్ తన డబ్బుతో తగ్గింపు ఇచ్చి, హోటల్‌కు పూర్తి ధర కడితే, తగ్గింపుకు ముందున్న ధర మీద పన్ను పడొచ్చు. బ్యాంకు కార్డు ఆఫర్ కూడా అంతే, దానివల్ల పన్ను తగ్గదు. నా బిల్లులో అలా వేస్తే 630 మీద 31.50 అయ్యేది, ఐదు రూపాయలు ఎక్కువ. రెండు రకాలుగా వేసి చూడండి, ఏదో ఒకటి సరిపోతుంది. రెండూ కుదరకపోతే అప్పుడు అడగాలి.

నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఇంకోటి ఉంది. "మా గల్లీలో టిఫిన్ సెంటర్‌కు పోతే జీఎస్టీ అడగరు. యాప్‌లో అదే ఇడ్లీకి ఎందుకు పడుతుంది?" 2022 జనవరి 1 నుంచి యాప్ ద్వారా అమ్మే హోటల్ తిండికి పన్ను కట్టే బాధ్యత హోటల్‌ది కాదు, యాప్‌ది. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేస్తూ జీఎస్టీ నంబరే లేని చిన్న హోటల్ అయినా సరే, యాప్‌లో అమ్మితే 5 శాతం పడుతుంది. కాబట్టి ఆ టిఫిన్ సెంటర్ అన్నను అనుమానించకండి. ఆ పన్ను అతని చేతికే రాదు.

[తెర మీద: రెండు బిల్లులు పక్కపక్కన]

ఇప్పుడు అమ్మ ప్రశ్నకు పూర్తి జవాబు. హోటల్‌కు నేనే వెళ్లి పార్సిల్ తెచ్చుకుంటే బోర్డు ధర 500, 5 శాతం పన్నుతో 525. పార్సిల్ డబ్బాకు అక్కడ వేరే తీసుకోరు, అడిగి తెలుసుకున్నాను. యాప్‌లో 617. తేడా 92 రూపాయలు. ఇంటిదాకా తెచ్చిచ్చినందుకు నేను నిజంగా కట్టింది బిల్లులో రాసిన 36 కాదు, ఈ 92. ఇంట్లో చుట్టాలున్నారు, బయట వాన ఉంది, ఆ రోజు నాకు అది ఎక్కువ అనిపించలేదు. మామూలు రోజు బండి మీద పది నిమిషాల్లో వెళ్లి తెచ్చుకుంటాను.

[తెర మీద: డబ్బు కట్టే ముందు కార్ట్ స్క్రీన్]

డబ్బు కట్టే ముందు కార్ట్‌ను చివరి దాకా కిందికి జరిపి చూడండి. మీరు పెట్టని విరాళం, పోయినసారి పెట్టిన టిప్ మళ్లీ అదే పడటం, మెంబర్‌షిప్ దానంతటదే చేరడం, ఇవి అక్కడే దొరుకుతాయి. మనల్ని అడగకుండా కార్ట్‌లో ఏదైనా చేర్చడాన్ని 2023 నవంబర్ 30న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు నిషేధించాయి. ముందు తక్కువ ధర చూపించి, చివర్లో చార్జీలు బయటపెట్టడం కూడా ఆ నిషేధంలోనే ఉంది.

అలాంటిది కనపడితే డబ్బు కట్టకముందే స్క్రీన్‌షాట్ తీయండి. కట్టేసిన తర్వాత ఆ స్క్రీన్ మళ్లీ దొరకదు. పాత ఆర్డర్లలోకి వెళ్లి ఇన్వాయిస్ దించుకోండి. ముందు యాప్ హెల్ప్‌లో రాయండి, ఏ లైన్, ఎన్ని రూపాయలు అని స్పష్టంగా చెప్పండి. అక్కడ పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆ స్క్రీన్‌షాట్, ఇన్వాయిస్ రెండూ చేతిలో పెట్టుకుని ఫోన్ చేయండి.