డేటా రాకముందే రాసిపెట్టండి
(తిరుపతిలో పరిశోధక విద్యార్థుల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, తోటి అధ్యాపకులకు, చిత్తూరు, మదనపల్లె, శ్రీకాళహస్తి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన స్కాలర్లకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలంటే నాకిచ్చిన సమయంలో సగం దానికే పోతుంది, మన్నించండి. నిర్వాహకులు నన్ను గణాంక పద్ధతుల పరిచయం చెయ్యమన్నారు. అది ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది. ఏం కొలుస్తామో, ఎలా లెక్క వేస్తామో డేటా రాకముందే ఎందుకు రాసిపెట్టాలో ఒక థీసిస్ ద్వారా చెప్పాలని వచ్చాను.

చాలా ఏళ్ల కిందటి మాట. పోషకాహారం మీద పనిచేసే ఒక అమ్మాయి తన డేటా తీసుకుని నా దగ్గరికి వచ్చింది. హాస్టల్ ఆడపిల్లల్లో లాటరీ తీసి, నలభైమందికి రోజూ బెల్లం కలిపిన రాగి జావ ఇచ్చింది. ఇంకో నలభైమందికి మామూలు టిఫినే. రక్తంలో హిమోగ్లోబిన్ పెరుగుతుందా అన్నది ఆమె ప్రశ్న. పని చాలా శ్రద్ధగా చేసింది. లెక్క వేస్తే రెండు గ్రూపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అది ఫలితమే కదండీ! ఈ మోతాదులో, ఇన్ని నెలల్లో, రాగి జావ ఒక్కటే హిమోగ్లోబిన్‌ను పెంచినట్టు కనపడలేదు. హాస్టల్ మెనూ రాసేవాళ్లకు పనికొచ్చే సంగతే. కానీ కమిటీలో పెద్దలు ఒప్పుకోలేదు. ‘ఏమీ రాలేదని థీసిస్ ఎలా ఇస్తావమ్మా? శాకాహారుల్ని విడిగా చూడు’ అన్నారు ఒకరు. ‘సరిగ్గా తాగనివాళ్లను తీసెయ్’ అన్నారు ఇంకొకరు. హిమోగ్లోబిన్‌తో పాటు ఆమె ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెర్రిటిన్, బరువు, అలసట స్కోరు, క్లాసు హాజరు కూడా రాసుకుంది. అవీ చూడమన్నారు. చివరికి, క్రమం తప్పకుండా తాగినవాళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే అలసట స్కోరులో పి-వాల్యూ 0.04 వచ్చింది. థీసిస్ పేరే మారిపోయింది, రాగి జావ అలసటను తగ్గిస్తుందని. హిమోగ్లోబిన్ ఎక్కడో అనుబంధంలోకి వెళ్లింది.

ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. అందులో ప్రతి అంకె నిజమే. అందుకే నాకు ఇంత బాధ.

లెక్క చూడండి. పి-వాల్యూ 0.05 కంటే తక్కువ అంటే, నిజంగా తేడా ఏమీ లేకపోతే, కేవలం యాదృచ్ఛికంగా ఇంత గానీ ఇంతకు మించి గానీ తేడా కనపడే అవకాశం నూటికి ఐదు కంటే తక్కువ అని. ఈ మాట ఒకే ఒక్క పరీక్షకు, అదీ ముందే ఎంచుకున్న పరీక్షకు చెల్లుతుంది. ఆమె చూసినవి ఐదు కొలతలు. ఒక్కొక్కటి మూడు విధాలుగా చూసింది: అందరిలో, శాకాహారుల్లో, క్రమంగా తాగినవాళ్లలో. మొత్తం పదిహేను పరీక్షలు. అవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, రాగి జావకు ఏ ప్రభావమూ లేకపోయినా, ఎక్కడో ఒకచోట 0.05 లోపు వచ్చే అవకాశం నూటికి 54. వీటికి సంబంధం ఉంది కాబట్టి కొంత తగ్గుతుంది. కానీ ఐదు దగ్గర మాత్రం ఉండదు. పెళ్ళయ్యాక జాతకాలు చూసి కుదిరాయనడం లాంటిది ఇది.

పైగా ‘క్రమంగా తాగినవాళ్లు’ ఎవరు? వేళకు లేచేవాళ్లు, వేళకు తినేవాళ్లు, ఒంట్లో బాగున్నవాళ్లు. వాళ్లకు అలసట ముందునుంచే తక్కువ ఉండొచ్చు. లాటరీ తీసి గ్రూపులు చేసింది ఇలాంటి తేడాలు రెండు వైపులా సమానంగా పడాలనే. ఒక గ్రూపులోంచి కొందరిని తీసేస్తే లాటరీ ప్రయోజనమే పోయింది. ఇది కమిటీలో ఒక్కరికీ తట్టలేదా అని నేను ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

ఈ జబ్బు మన ఊరిదే కాదు. 2011లో సిమన్స్, నెల్సన్, సిమన్‌సన్ అనే ముగ్గురు కంప్యూటర్‌లో లెక్కవేసి చూపించారు. రెండు కొలతల్లో బాగున్నది ఎంచుకోవడం, ఫలితం రాకపోతే ఇంకో పదిమందిని కలపడం, ఆడా మగా తేడాను లెక్కలోకి తీసుకోవడమో మానడమో, మూడు గ్రూపుల్లో ఒకదాన్ని వదిలెయ్యడం. ఈ నాలుగు వెసులుబాట్లూ కలిస్తే తప్పుడు ఫలితం వచ్చే అవకాశం ఐదు నుంచి దాదాపు 61 శాతానికి పెరిగింది. అందులో ‘ఇంకో పదిమందిని కలుపు’ అన్నమాట మన డిపార్ట్‌మెంట్లలో రోజూ వినపడుతుంది. మధ్యమధ్యలో పి-వాల్యూ చూస్తూ, వచ్చినప్పుడు ఆపెయ్యకండి. సమాన అంతరాల్లో ఐదుసార్లు చూసి, వచ్చినచోట ఆపితే ఆ ఐదు శాతం పద్నాలుగు అవుతుంది.

మరి ఏం కొలుస్తామో, ఎలా లెక్క వేస్తామో డేటా రాకముందే నమోదు చేస్తే ఏమవుతుంది? అమెరికాలో గుండె, ఊపిరితిత్తులు, రక్త సంబంధ వ్యాధుల జాతీయ సంస్థ డబ్బిచ్చిన పెద్ద ట్రయల్స్‌ను కాప్లాన్, ఇర్విన్ 2015లో పరిశీలించారు. 2000కు ముందు అచ్చయిన 30 ట్రయల్స్‌లో 17 మేలు చూపించాయి. ప్రధాన కొలత ఏమిటో ముందే నమోదు చెయ్యడం మొదలయ్యాక వచ్చిన 25లో రెండే రెండు చూపించాయి. ఇది ముందు, తర్వాత అన్న పోలిక మాత్రమే. ఇందులో ఇతర కారణాలు కూడా ఉండొచ్చు. అయినా ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి.

మన దేశంలో మనుషుల మీద చేసే ట్రయల్స్‌కు 2007లోనే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ వచ్చింది. దాన్ని ఐసీఎంఆర్ నడుపుతోంది. మిగతా శాస్త్రాల వాళ్లకు ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా నమోదు చేసుకునే వీలుంది. అక్కడ తేదీ పడుతుంది, తర్వాత దిద్దినా ఆ మార్పు అందరికీ కనపడుతుంది. కానీ ‘ఆరోగ్యం మెరుగవుతుందా చూస్తాం’ అని రాసి వదిలేస్తే ఆ నమోదు దండగ. ప్రధాన కొలత ఒక్కటే, ఫలానా పద్ధతిలో తీసిన హిమోగ్లోబిన్, ఫలానా వారం చివర. గ్రూపుకు ఎంతమంది, ఎందుకు అంతమంది. ఎప్పుడు ఆపుతారు. ఎవరిని, ఏ కారణానికి లెక్కలోంచి తీస్తారు. ఏ పరీక్ష వాడతారు. మీరు లేకుండానే ఇంకొకరు ఆ కాగితం చూసి మీ లెక్క వెయ్యగలిగేంత వివరంగా ఉండాలి.

నమోదు చేశాక దాన్ని చదివేవాళ్లు కూడా కావాలి. బ్రిటన్ వైద్యుడు బెన్ గోల్డేకర్ బృందం ఐదు పెద్ద వైద్య పత్రికల్లో 67 ట్రయల్స్‌ను వాటి నమోదు పత్రాలతో పోల్చింది. ముందు చెప్పిన కొలతలన్నిటినీ చెప్పినట్టే ప్రకటించినవి తొమ్మిదే. కాబట్టి ఇక్కడున్న ఎగ్జామినర్లకు చేతులెత్తి చెబుతున్నాను. వైవాలో ‘నమోదు కాగితం చూపించమ్మా’ అని మొదటి ప్రశ్న వెయ్యండి. ఇది మీరు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు.

ఒక స్కాలర్ టీ దగ్గర అడిగారు, ‘అయితే ఆ అలసట సంగతి పారెయ్యాల్సిందేనా సార్?’ అని. అక్కర్లేదు. అనుకోకుండా కనపడిందని థీసిస్‌లో స్పష్టంగా రాసి, దాన్ని కొత్త ప్రశ్నగా పెట్టుకోవాలి. ఆ ప్రశ్న ఏ డేటాలోంచి పుట్టిందో అదే డేటాతో దానికి జవాబు చెప్పకూడదు. కొత్త హాస్టల్, కొత్త పిల్లలు, అలసట ప్రధాన కొలతగా ముందే నమోదు. ఇదే రెప్లికేషన్.

ఎంతమంది కావాలి? ఆమె డేటాలో అలసట తేడా, మనిషికీ మనిషికీ స్కోరు ఎంత మారుతుందో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్‌లో సుమారు సగం. దాన్ని నమ్మితే, ప్రభావం నిజమైనప్పుడు నూటికి 80 సార్లు పట్టుకోవాలంటే గ్రూపుకు 64 మంది చాలు. కానీ వెతికి ఏరిన తేడా ఉన్నదానికంటే పెద్దదిగా కనపడుతుంది. 2015లో మనస్తత్వశాస్త్రంలో వంద అధ్యయనాలను మళ్లీ చేస్తే, 36 శాతమే 0.05 లోపు వచ్చి నిలిచాయి. ప్రభావాల పరిమాణం సగటున సగానికి పడిపోయింది. తేడా సగమైతే మనుషులు నాలుగింతలు కావాలి. అంటే గ్రూపుకు సుమారు 250 మంది. ఒక్క స్కాలర్‌కు అది అసాధ్యం. అయిదారు కాలేజీలు ఒకే నమోదు కాగితంతో కలిసి చెయ్యాలి. తిరుపతి చుట్టూ ఎన్ని హాస్టళ్లు ఉన్నాయో మీకు తెలుసు.

మధ్యాహ్నం భోజనానికి వెళ్లేముందు మీ సినాప్సిస్ తియ్యండి. ప్రధాన కొలత ఒకే వాక్యంలో రాసి, కింద తేదీ వేసి, పక్కనున్నవాళ్లకు ఇవ్వండి. ఇప్పటికే డేటా చూసినవాళ్లు ‘చూశాను’ అని రాయండి. వాటిని నేను సాయంత్రం వరకు ఇక్కడే కూర్చుని చూస్తాను.