గోడ మీద 13.6

వేదిక మీద ఉన్న పెద్దలకు నమస్కారం. పేర్లు చదవను. చదివితే ఒకరిని మర్చిపోతాను, వారు ఏడాదంతా గుర్తుపెట్టుకుంటారు.

నన్ను ఇరవై నిమిషాలు ల్యాబ్ భద్రత గురించి మాట్లాడమన్నారు. తడి చేత్తో మోటార్ స్విచ్ ముట్టుకోకండి. చెప్పులతో రాకండి, బూట్లు వేసుకోండి. పాదరసం కింద ఒలికితే చేత్తో ఎత్తకండి, నన్ను పిలవండి. భద్రత అయిపోయింది. మిగతా సమయం నాది. ఇరవై ఎనిమిదేళ్ళు హైడ్రాలిక్స్ ల్యాబ్‌లో ఉండి వేలకొద్దీ రికార్డులు దిద్దాను. అందులో ఒక్క రికార్డు గురించి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఇన్నేళ్ళూ సందర్భం దొరకలేదు. దొరకలేదనే చెప్పుకుందాం.

వెంచురీమీటర్ ప్రయోగం మీకు ఇంకో రెండు వారాల్లో వస్తుంది. పైపు ఒకచోట సన్నబడుతుంది, అక్కడ నీళ్ళ వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. ఆ పీడనంలో తేడాని మానోమీటర్‌లో పాదరసం మట్టాల తేడాగా చదివి, ఎంత నీరు పోవాలో లెక్క కడతాం. నిజంగా ఎంత పోయిందో ట్యాంకులో పట్టి కొలుస్తాం. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేది డిశ్చార్జి గుణకం, Cd. మంచి వెంచురీమీటర్‌కి అది 0.97 దగ్గర ఉంటుంది. 1 దాటకూడదు, ఎందుకంటే రాపిడి లేకుండా లెక్కకట్టిన నీటికంటే ఎక్కువ నీరు ఏ పైపూ ఇవ్వదు.

పేరు గురించి ఒక మాట. ఇటలీ శాస్త్రవేత్త వెంచురీ 1797లో ఈ సన్నబడే గొట్టాల గురించి రాశాడు. క్లెమెన్స్ హెర్షెల్ అనే అమెరికన్ ఇంజనీరు 1887 ప్రాంతంలో దాన్ని కొలత పరికరంగా మలిచి, తన పేరు పెట్టుకోకుండా వెంచురీ పేరు పెట్టాడు. ఆ మర్యాదకి మనం ఇచ్చే గౌరవం Ventury, Venturie, ఒకసారి Century. సెంచురీమీటర్! వందకి వంద వేద్దామనుకున్నాను.

అయినా ఆ తప్పులు నాకు పెద్ద తలనొప్పి కాదు. కంప్యూటర్ వాటి కింద ఎర్ర గీత గీస్తుంది. గీత పడని తప్పుతోనే తంటా. మానోమీటర్‌ని Monometer అని రాస్తారు కదా, ఇంగ్లీషులో ఆ మాట నిజంగానే ఉంది. ఒకే గణం ఉన్న పద్యపాదాన్ని అలా అంటారు. అందుకని కంప్యూటర్ చాలాసార్లు ఊరుకుంటుంది. మన ల్యాబ్‌లో పద్యపాదంతో పీడనం కొలిచినవాళ్ళు కొన్ని వందల మంది ఉన్నారు. ఒక బ్యాచ్ రికార్డు చూసి తరవాతి బ్యాచ్ రాస్తుంది కనుక ఆ తప్పు ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ వెళ్ళొచ్చు. నేను వెళ్ళాను. అది మా ల్యాబ్ గోడ దగ్గర ఆగింది.

గోడ మీద పెయింటర్ రాసిన చార్టు ఉండేది. ఇప్పటికీ ఉంది. పైన Monometer. కింద సూత్రం. దాని కింద, పాదరసం నీటికంటే 13.6 రెట్లు బరువు కనుక, ఈ లైను:

```
h = 13.6 h
```

నవ్వండి. నేను పదకొండేళ్ళు నవ్వలేదు. ఎడమవైపు h, కుడివైపు h. లెక్కల మాస్టారికి చూపిస్తే h సున్నా అనేస్తాడు. పక్కనే ట్యాంకులో నీరు పెరిగిన ఎత్తుకి పెద్ద H. ఎవరైనా కంప్యూటర్లో టైపు చేస్తే, వాక్యం మొదట్లో చిన్న h దానంతట అదే పెద్ద H అయ్యేది. దాంతో ట్యాంకు ఎత్తు 10 సెంటీమీటర్లని వర్గమూలం కింద వేసి, Cd 3.43 అని తెచ్చేవారు.

నేను చెప్పాలనుకున్న రికార్డు అప్పట్లో ఒక అమ్మాయి రాసింది. పేరు చెప్పను. పైపు వ్యాసం 25 మిల్లీమీటర్లు, గొంతు దగ్గర 12.5. ట్యాంకు 50 సెంటీమీటర్లకి 50. నీరు 10 సెంటీమీటర్లు పెరగడానికి 41 సెకన్లు. పాదరసం తేడా 10 సెంటీమీటర్లు. లెక్క మొదలుపెట్టే ముందు పేజీ పైన ఇలా రాసుకుంది:

```
x = మానోమీటర్‌లో పాదరసం మట్టాల తేడా, cm
h = దానికి సమానమైన నీటి ఎత్తు, cm
R = ట్యాంకులో నీరు పెరిగిన ఎత్తు, cm
```

తరవాత h = x(13.6 − 1) = 126 cm. సూత్రం మీకు ఇస్తారు, ఇదీ:

```
Qth = a1 a2 √(2gh) / √(a1² − a2²)
```

ఇందులో a1, a2 అంటే పైపు వైశాల్యం, గొంతు వైశాల్యం. అన్నీ సెంటీమీటర్లలో వేసింది. g ని 981 తీసుకుంది. లెక్క ప్రకారం సెకనుకి 630 ఘన సెంటీమీటర్లు. ట్యాంకులో పట్టింది 25,000ని 41తో భాగిస్తే 610. Cd 0.97.

నా దగ్గర చార్టు చూసి వేసుకున్న జవాబు 0.93. ఎర్ర ఇంకుతో పెద్ద ఇంటూ కొట్టి "చార్టు చూసి మళ్ళీ చెయ్యి" అని రాశాను. ఆ అమ్మాయి వచ్చి, "సార్, మీ h వేరు, నా h వేరు. నా x మీ h" అంది. నేను "నువ్వు పేర్లు మార్చుకుంటే సూత్రం మారిపోతుందా అమ్మా?" అని అడిగి నా తెలివికి నేనే మురిసిపోయాను. పదికి ఏడు వేశాను. చార్టు చూసి 0.93 తెచ్చిన వాళ్ళందరికీ పది వేశాను.

ఇక్కడ కొంచెం ఆగుదాం. 0.93 అబద్ధమని మీకు ఎలా తెలుస్తుంది? పైపు పాతది, తుప్పు పట్టింది, అందుకే తగ్గింది అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. రీడింగులు ఆరు తీసుకున్నా తెలియదు, అన్నీ 0.93 దగ్గరే వస్తాయి. గ్రాఫ్ గీసినా తెలియదు. 12.6 బదులు 13.6 వేస్తే ప్రతి జవాబూ ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది కనుక గీత చక్కగా తిన్నగానే వస్తుంది, వాలు మాత్రమే మారుతుంది. గ్రాఫ్ బాగా వచ్చిందని మార్కులు వేసే అలవాటు నాకూ ఉండేది. ఇలాంటి తప్పు పట్టాలంటే ఏ అక్షరం దేన్ని సూచిస్తోందో మాటల్లో రాయడం తప్ప వేరే దారి లేదు. x అంటే పాదరసం, h అంటే నీరు అని రాయగానే, పాదరసం మీద ఏముంది అన్న ప్రశ్న వస్తుంది. నీరు ఉంది. ఒక గొట్టంలో 10 సెంటీమీటర్ల పాదరసం ఎక్కువగా ఉంటే, రెండో గొట్టంలో అదే ఎత్తులో నీరు ఉంటుంది. దాని బరువూ కిందికి నొక్కుతోంది. అందుకే 13.6లోంచి ఒకటి తీసెయ్యాలి.

నాకు అది ఎప్పుడు తెలిసింది? సెలవుల్లో మానోమీటర్ విప్పి కడుగుతుంటే. పాదరసం కంటే ముందు నీళ్ళు నా చొక్కా మీద పడ్డాయి. అప్పుడు గుర్తొచ్చింది ఆ అమ్మాయి రాసిన మూడు లైన్లు.

సరే, ప్రమాణాలు. ఇది వినండి, వెనక బెంచీల వాళ్ళు ముఖ్యంగా. వైశాల్యాలు సెంటీమీటర్లలో వేసి g మాత్రం 9.81 వేస్తే ఏమవుతుంది? Cd 9.68 వస్తుంది. 1 దాటిందని భయపడి ఏం చేస్తారు? పాయింటు ఒక స్థానం జరుపుతారు. 0.968. జవాబు కరెక్టు! ఎందుకంటే g లో తప్పు వంద రెట్లు, వర్గమూలం కింద అది పది రెట్లు అయింది. ఆ జరపడం అదృష్టవశాత్తూ కుదిరింది. సీనియర్లు దీన్ని చిట్కాగా జూనియర్లకి నేర్పుతారు. ఆ జూనియర్ ఒకరోజు g సరిగ్గా 981 వేసి, పాదరసం తేడా మాత్రం మిల్లీమీటర్లలో 100 అని వేస్తాడు. ఈసారి తప్పు పది రెట్లు, వర్గమూలం కింద 3.16. Cd 0.306 వస్తుంది. ఇప్పుడు పాయింటు ఎటు జరుపుతావు నాయనా?

1983 జూలైలో కెనడాలో బోయింగ్ 767 ఒకటి 41,000 అడుగుల ఎత్తులో ఇంధనం అయిపోయి, ఇంజన్లు లేకుండా గాలిలో తేలుతూ గిమ్లీ అనే చోట దిగింది. అందరూ బతికారు. నాకు ఈ కథ మహా ఇష్టం, పైలట్ కోసం కాదు, 1.77 కోసం. ట్యాంకుల్లో ఉన్న లీటర్లని బరువులోకి మార్చడానికి కాగితం మీద 1.77 అని ఉంది. అది లీటరుకి పౌండ్లు. విమానానికి కావలసింది కిలోలు, అప్పుడు దాదాపు 0.8 వేయాలి. 1.77 పక్కన పౌండ్లు అని ఎవరూ రాయలేదు. 20,000 లీటర్లు పోయాల్సిన చోట 5,000 లోపే పోశారు. మన 13.6 పక్కన కూడా ఏమీ లేదు.

టైం అయిపోయిందని అక్కడ చెయ్యి చూపిస్తున్నారు. ఇంకొక్కటి. రికార్డు దిద్దేటప్పుడు చాలామంది ముందు స్పెల్లింగ్ పట్టుకుంటారు. వద్దు. ముందు అక్షరాల పట్టిక రాసుకోండి, ఆ అమ్మాయి రాసినట్టు. దాన్ని పట్టుకుని సూత్రాలు చదవండి, తరవాత ప్రమాణాలు చూడండి. పరికరం మీద చదివిన అంకెలు మార్చకండి. మిల్లీమీటర్లలో చదివితే పరిశీలన పట్టికలో మిల్లీమీటర్లే ఉండాలి, లెక్క దగ్గర మార్చుకోండి. అంకె తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టేసి పక్కన రాయండి, వైట్‌నర్ పూయకండి. కింద ఏముందో నాకు కనపడాలి. స్పెల్లింగ్ చివర్న. కంప్యూటర్లో ఒకేసారి అన్నీ మార్చే బటన్ నొక్కేముందు ఆలోచించండి. ఒకబ్బాయి చిన్న h లన్నిటినీ x చేశాడు. discharge కాస్తా discxarge అయింది. పైగా నీటి ఎత్తు h కూడా x అయిపోయి, x = 12.6 x అని మళ్ళీ గోడ మీది చార్టు దగ్గరికే వచ్చాడు.

చార్టు మార్చమని మూడుసార్లు కాగితం పెట్టాను. పెయింటింగుకి నిధులు లేవన్నారు. స్కెచ్ పెన్నుతో 13.6 కొట్టేసి 12.6 రాశాను, ఎడమవైపు h అలాగే ఉంచి కుడివైపు h ని x చేశాను. Monometer పెద్ద అక్షరాలు, నా పెన్నుకి లొంగలేదు.

ఆ రికార్డుకి మార్కులు సవరించి పంపేసరికి ఆ అమ్మాయి పాసై వెళ్ళిపోయింది. రికార్డు తీసుకెళ్ళలేదు. ఇదిగో, తెచ్చాను. ఇంటూ నాది, మూడు లైన్లు ఆమెవి. ఈ మూలనుంచి పంపిస్తున్నాను, చేతులు మారుతూ అటు చివరికి వెళ్ళనివ్వండి. మొదటి పేజీ చిరిగిపోయి ఉంది, మెల్లిగా తిప్పండి.