నెట్ స్లో అయిందా, ఎఫ్‌యూపీ అయిపోయిందా? 150 జీబీ గేమ్‌ను రెండు రీఛార్జ్ సైకిళ్లలో దించడం

[తెరపై: స్టీమ్ డౌన్‌లోడ్ పేజీ. వేగం 250 KB/s. మిగిలిన సమయం దగ్గర "రోజులు" అని కనిపిస్తోంది.]

100 ఎంబీపీఎస్ ప్లాన్, అన్‌లిమిటెడ్. నిన్నటిదాకా సెకనుకు 12 ఎంబీ చొప్పున దిగిన గేమ్ ఇవాళ 250 కేబీ దగ్గర నిలబడిపోయింది. కేబుల్ ఆయనకు ఫోన్ చేస్తే ఒకటే మాట: "ఎఫ్‌యూపీ అయిపోయింది భయ్యా, టాప్-అప్ కొట్టించుకో."

దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లి దాకా కాలనీల్లో లోకల్ కేబుల్ వాళ్ల దగ్గర నెట్ తీసుకున్న చాలామందికి ఈ సంభాషణ కొత్త కాదు. అన్‌లిమిటెడ్ అంటే నెట్ కట్ కాదని అర్థం. ఫుల్ స్పీడు మాత్రం ఒక లెక్కదాకానే, ఆ లెక్కనే ఎఫ్‌యూపీ అంటారు. కొన్ని పెద్ద కంపెనీల ఫైబర్ ప్లాన్లలో ఆ లెక్క నెలకు 3300 జీబీ, అది దాటించడం మామూలు ఇంటికి కష్టమే. ఇబ్బందల్లా 500, 600 జీబీ పరిమితి ఉన్న చవక ప్లాన్లతోనే. ఆ పరిమితి ఎంత, దాటాక వచ్చే స్పీడెంత అన్నవి ప్లాన్ వివరాల్లో స్పష్టంగా చెప్పాలని ట్రాయ్ 2016లోనే ఆదేశించింది. కాబట్టి అడగడానికి మొహమాటపడకండి.

[తెరపై: రెండు స్పీడ్ టెస్టులు పక్కపక్కన.]

ముందు ఒకటి తేల్చుకుందాం. ఇది నిజంగా ఎఫ్‌యూపీయేనా?

ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపి, పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి స్పీడ్ టెస్ట్ పెట్టండి. రెండుసార్లూ గీత గీసినట్టు 2 ఎంబీపీఎస్ దగ్గరే ఆగితే అది ఎఫ్‌యూపీ. పొద్దున 95 వచ్చి రాత్రి 30కి పడితే ఏరియాలో రద్దీ. కేబుల్‌తో 95 వచ్చి బెడ్‌రూంలో ఫోన్‌కు 15 వస్తే వైఫై గొడవ, ప్లాన్‌ను తిట్టి లాభం లేదు. ఇంకోటి, స్టీమ్‌లో నెట్‌వర్క్ గ్రాఫ్ సున్నాకు పడి డిస్క్ గ్రాఫ్ లేచి ఉంటే దిగిన ఫైళ్లను విప్పి సర్దుకుంటోందని అర్థం. పాత హార్డ్‌డిస్క్ ఉన్నవాళ్లకు ఇది మరీ ఎక్కువ. అప్పుడు నెట్ తప్పేమీ లేదు.

ఇంకో చిన్న తికమక కూడా ఉంది. ప్లాన్‌లో రాసేది మెగాబిట్లు, స్టీమ్ మామూలుగా చూపించేది మెగాబైట్లు. ఎనిమిదితో భాగిస్తే సరి. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 12.5 ఎంబీ, గంటకు 45 జీబీ. 2 ఎంబీపీఎస్ అయితే రోజంతా ఆపకుండా లాగినా 22 జీబీ లోపే. 150 జీబీ గేమ్‌కు మొదటి స్పీడులో మూడు గంటల ఇరవై నిమిషాలు పడితే, రెండో స్పీడులో వారం పడుతుంది. ఆ వారం ఇంట్లో టీవీ కూడా సరిగ్గా ఆడదు.

[తెరపై: ప్రొవైడర్ పోర్టల్. వాడిన డేటా 430 జీబీ, పరిమితి 600 జీబీ, రెన్యువల్ 18వ తేదీ.]

ఇప్పుడు ఒక ఇంటి లెక్క చూద్దాం. ప్లాన్ 100 ఎంబీపీఎస్, 600 జీబీ, దాటితే 2 ఎంబీపీఎస్. 18న రెన్యువల్. ఇవాళ 12. 24 రోజుల్లో 430 జీబీ వాడారు. ఇంట్లో టీవీ, ఫోన్లు, ఆఫీసు కాల్స్ అన్నీ కలిపి రోజుకు 15 జీబీ, అంటే 360. మిగతా 70 ఏమిటంటారా? నెలల తరబడి తెరవని ఒక గేమ్ దానంతటదే దించుకున్న అప్‌డేట్!

ఇప్పుడు బాల్డర్స్ గేట్ 3 కొన్నారు. స్టోర్ పేజీలో అడిగే స్థలం 150 జీబీ. ఇన్‌స్టాల్ నొక్కితే 430 కాస్తా 580 అవుతుంది. మిగిలేది 20. ఎల్లుండికల్లా గీత దాటేస్తారు, 18 దాకా ఇంటిల్లిపాదికీ 2 ఎంబీపీఎస్సే. గేమ్ మీది, తిట్లూ మీకే.

దీన్ని రెండు ముక్కలు చేయొచ్చు. రాబోయే ఆరు రోజుల ఇంటి వాడకం 90 జీబీ. 430కి కలిపితే 520. పరిమితికి ఇంకా 80 ఉంది. అందులో 20 పక్కన పెట్టండి, ఎందుకంటే పోర్టల్ లెక్క కొన్నిసార్లు ఆలస్యంగా మారుతుంది, చాలాచోట్ల అప్‌లోడ్ కూడా కలుపుతారు. పైగా విండోస్ 100 జీబీ అని చూపించేది 1000తో లెక్కేసేవాళ్లకు 107 అవుతుంది. అంటే ఇప్పుడు 60 జీబీ దించి, పాజ్ నొక్కేయాలి. గంటా ఇరవై నిమిషాల పని. స్టీమ్ ఎక్కడ ఆపితే అక్కడి నుంచే మొదలుపెడుతుంది, దిగిన 60 ఎక్కడికీ పోదు. మిగతా 90 కొత్త సైకిల్‌లో.

ఇన్ని జీబీ అయ్యాక ఆగిపో అని చెప్పే సెట్టింగ్ స్టీమ్‌లో లేదు, కాబట్టి అలారం పెట్టుకోండి. వేగం తగ్గించే ఆప్షన్ ఉంది గానీ, అది ఇంట్లోవాళ్ల వీడియో కాల్ ఆగకుండా చూస్తుందంతే. డేటా ఒక్క ఎంబీ కూడా మిగలదు. రాత్రి రెండింటికి దించినా అంతే. రాత్రి ఉచితం అని ప్లాన్‌లో రాసి ఉంటే తప్ప ఎఫ్‌యూపీకి పగలూ రాత్రీ తేడా లేదు.

[తెరపై: స్టీమ్ లైబ్రరీ, ఒక గేమ్ మీద రైట్ క్లిక్.]

ఇక ఆ 70 జీబీ సంగతి. గేమ్ మీద రైట్ క్లిక్ చేసి, Propertiesలో Updates దగ్గర, ఆడటానికి తెరిచినప్పుడే అప్‌డేట్ చేయమని పెట్టండి. అసలు ఆడనిదైతే తీసేయడమే మేలు. ఆన్‌లైన్‌లో గేమ్ ఆడటానికి డేటా పెద్దగా ఖర్చవదు, నెల కోటాను తినేసేవి ఈ అప్‌డేట్లే.

ఇంట్లోనే రెండో కంప్యూటర్‌లో ఆ గేమ్ ఉంటే మళ్లీ దించొద్దు. 2023లో స్టీమ్ Game File Transfer over Local Network అనే సౌకర్యం తెచ్చింది. రెండింటిలోనూ అది ఆన్ చేసి, రెండూ ఒకే రౌటర్ మీద ఉంటే ఫైళ్లు ఇంట్లోనే మారతాయి, మీ కోటాలోంచి పోయేది దాదాపు ఏమీ ఉండదు. ఫ్రెండ్ దగ్గర ఉంటే ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ పట్టుకెళ్లండి. `steamapps\common` లోని ఆ గేమ్ ఫోల్డర్‌ను కాపీ చేసి, మీ కంప్యూటర్‌లో అదే చోట పెట్టి, ఆ తర్వాతే ఇన్‌స్టాల్ నొక్కాలి. ఉన్న ఫైళ్లను సరిచూసుకుని, లేనివి మాత్రమే దించుతుంది. అయితే గేమ్ మీ అకౌంట్‌లో ఉండాలి సుమా, ఫోల్డర్ తెచ్చుకున్నంత మాత్రాన ఆడనివ్వదు.

[తెరపై: రౌటర్, వెలుగుతున్న లైట్లు.]

18 వచ్చింది, రీఛార్జ్ అయింది, అయినా స్పీడ్ టెస్ట్‌లో అదే 2. కంగారు పడకండి. చాలా లోకల్ కనెక్షన్లలో మీ రౌటర్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అవుతుంది. మీకు ఎంత స్పీడ్ ఇవ్వాలో అవతలి సర్వర్ ఆ లాగిన్‌లోనే చెప్పేస్తుంది. పాత లాగిన్ నడుస్తున్నంతసేపు పాత స్పీడే అంటిపెట్టుకుని ఉండొచ్చు. రౌటర్‌ను ఆపి, రెండు నిమిషాలాగి వేయండి. అప్పటికీ మారకపోతే పోర్టల్‌లో కొత్త సైకిల్ మొదలైందో లేదో చూడండి. ప్లాన్ నెలకు కాకుండా 30 రోజులకైతే, 31 రోజుల నెల రాగానే మీ తేదీ ఒకరోజు ముందే వస్తుంది. పోర్టల్‌లో వాడకం సున్నా అయ్యి, టెస్ట్‌లో 95 కనిపించాకే ఆ 90 జీబీకి రెజ్యూమ్ నొక్కండి.