మత్తు దిగిన గంటకు మొదలయ్యే తలనొప్పి
(చిత్తూరులో ఒక ఆదివారం సాయంత్రం, పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో చాలా ఏళ్లు జీవరసాయన శాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. కొండ కింద ఊరివాడు మద్యం గురించి మాట్లాడటానికి వచ్చాడేమిటని ముందు వరుసలో ఒకరిద్దరు పెద్దవారు నన్ను చూస్తున్న తీరులోనే తెలుస్తోంది. తాగడం మంచిదా చెడ్డదా అన్నది ఈరోజు నా విషయం కాదు. తాగిన మర్నాడు ఉదయం ఒంట్లో ఏం జరుగుతుందన్నదే నా విషయం. ఇందుకు కారణం మా మేనల్లుడు.

నిరుడు జూన్‌లో వాడు ఇక్కడే ఒక పెళ్లికి వచ్చాడు. రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా స్నేహితులతో కూర్చుని ఒకటిన్నర క్వార్టర్ విస్కీ తాగాడు. ఉదయం ఆరు గంటలకు తోతాపురి కాయల లోడుతో లారీని గుజ్జు ఫ్యాక్టరీకి తీసుకెళ్లాల్సినవాడు. ఆరు గంటలకు లేచాడు కూడా. కాస్త తూలుడుగా ఉందే తప్ప పెద్ద బాధేమీ లేదనిపించిందట. తొమ్మిది దాటేసరికి మాత్రం తల ఎత్తలేకపోయాడు. దాహం, వికారం, గుండె దడ, తలుపు చప్పుడైనా భరించలేనంత చిరాకు. నాకు ఫోన్ చేసి అడిగాడు: "మామా, తాగింది రాత్రి కదా, నొప్పి ఇప్పుడెందుకు?"

ముప్పై ఏళ్లలో నా విద్యార్థులెవరూ ఇంత మంచి ప్రశ్న అడగలేదు. హ్యాంగోవర్ గురించి ప్రచారంలో ఉన్న చాలా వివరణలు ఈ ఒక్క ప్రశ్న దగ్గరే తడబడతాయి. అందుకని గడియారం పక్కన పెట్టుకుని లెక్క వేద్దాం.

ఒకటిన్నర క్వార్టర్ అంటే 270 మిల్లీలీటర్లు. మన దగ్గర సీసా మీద 42.8 శాతం అని రాసి ఉంటుంది. అంటే వాడి కడుపులోకి వెళ్లిన శుద్ధ ఆల్కహాల్ సుమారు 90 గ్రాములు. వాడి బరువు 70 కిలోలు. ఆల్కహాల్ కొవ్వులోకి పెద్దగా పోదు, ఒంట్లోని నీటిలో పరుచుకుంటుంది. కాలేయం దాన్ని ఒకే వేగంతో విరగ్గొడుతుంది. మామూలు మనిషిలో రక్తంలోని మోతాదు గంటకు 100 మిల్లీలీటర్లకు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది. మనుషుల మధ్య తేడాలుంటాయి కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్క. దీని ప్రకారం పదకొండు గంటలకు వాడి రక్తంలో సుమారు 145 మిల్లీగ్రాములు, ఉదయం ఆరుకు 40, తొమ్మిది గంటల ప్రాంతంలో సున్నా.

ఇక్కడ రెండు సంగతులు చూడండి. వాహనం నడిపేవారికి మన చట్టం పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములు. "రాత్రి తాగాను, నిద్రపోయాను, అంతా దిగిపోయింది" అనుకుని ఆరింటికి స్టీరింగ్ పట్టి ఉంటే వాడు చట్టం దృష్టిలో తాగి నడిపినవాడే. ఒంట్లో బాధ లేకపోవడం మత్తు దిగిందనడానికి గుర్తు కాదు. ఇంకా మత్తులోనే ఉండటం వల్ల బాధ తెలియలేదంతే. రెండోది అసలు సంగతి. బాధ శిఖరానికి చేరింది ఆల్కహాల్ సున్నాకు వచ్చిన గంటలోనే. పరిశోధనల్లోనూ పదేపదే తేలినది ఇదే. రక్తంలో ఆల్కహాల్ దాదాపు పూర్తిగా పోయే వేళకు హ్యాంగోవర్ ముదురుతుంది. ఆల్కహాలే నేరుగా చేసే పని అయితే పదకొండు గంటలకే బాధ ఎక్కువగా ఉండాలి కదా.

ఇప్పుడు హ్యాంగోవర్‌కు కారణమని చాలామంది చెప్పే ఎసిటాల్డిహైడ్ దగ్గరకు వద్దాం. కాలేయంలో ఆల్కహాల్ రెండు మెట్లు దిగుతుంది. మొదటి మెట్టులో ఒక ఎంజైమ్ దాన్ని ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. రెండో మెట్టులో ఇంకో ఎంజైమ్ ఎసిటాల్డిహైడ్‌ను ఎసిటేట్ చేస్తుంది. ఎసిటేట్ పెద్ద ప్రమాదకారి కాదు, వెనిగర్‌లో పులుపునిచ్చే ఆమ్లానికి దగ్గరి చుట్టం. మధ్యలో ఉన్న ఎసిటాల్డిహైడ్ మాత్రం నిజంగానే విషం. అది ఎంత చెడ్డదో తెలిసిన కథ ఒకటి ఉంది.

1940లలో డెన్మార్క్‌లో యెన్స్ హాల్డ్, ఎరిక్ యాకబ్‌సెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కడుపులోని పురుగులకు డైసల్ఫిరామ్ అనే మందు పనికొస్తుందేమోనని పరీక్షిస్తున్నారు. మనిషికి హాని చేస్తుందో లేదో చూద్దామని ఆ మాత్రలు తామే మింగారు. ఏమీ కాలేదు. కానీ ఆ రోజుల్లో కాస్త మద్యం పుచ్చుకున్నప్పుడల్లా మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, ఒళ్లంతా పాడైపోయింది. డైసల్ఫిరామ్ రెండో మెట్టు ఎంజైమ్‌ను అడ్డుకుంటుందనీ, దాంతో ఎసిటాల్డిహైడ్ పేరుకుపోతుందనీ తర్వాత తేలింది. 1948లో వారు దీన్ని తాగుడు మాన్పించే మందుగా ప్రకటించారు. నేటికీ వైద్యులు దాన్ని వాడుతున్నారు.

"ఇంకేం, హ్యాంగోవర్‌కు కారణం దొరికినట్టే" అనిపిస్తుంది. నేను కూడా కొన్నేళ్లు తరగతిలో అలాగే చెప్పాను. ఆ విద్యార్థులకు ఇప్పుడు క్షమాపణ చెప్పుకోవాలి. గడియారం ఒప్పుకోవడం లేదు. డైసల్ఫిరామ్ మింగినవాడికి బాధ తాగిన కొద్ది నిమిషాల్లోనే మొదలవుతుంది, మొహం ఎర్రగా కందిపోతుంది. మా మేనల్లుడికి పది గంటల తర్వాత మొదలైంది, మొహం పాలిపోయింది. రెండో మెట్టు సరిగ్గా పనిచేసేవారిలో ఎసిటాల్డిహైడ్ పుట్టినది పుట్టినట్టే ఖర్చైపోతుంది, రక్తంలో చాలా తక్కువగా కనిపిస్తుంది. పైగా ఆల్కహాల్ సున్నా అయ్యాక కొత్తగా పుట్టడానికి ముడిసరుకే లేదు. చైనా, జపాన్, కొరియా ప్రజల్లో చాలామందికి ఈ రెండో ఎంజైమ్ పుట్టుకతోనే బలహీనంగా ఉంటుంది. తాగిన వెంటనే వారి మొహం ఎర్రబడేది అందుకే. మన ప్రాంతంలో ఆ లోపం అరుదు.

అలాగని ఎసిటాల్డిహైడ్ నిర్దోషి అని నేననను. అది రాత్రంతా కాలేయంలో మాంసకృత్తులకు అతుక్కుంటుంది, కణాలను ఒత్తిడికి గురిచేస్తుంది. దొంగ పోయాడు, పగలగొట్టిన తలుపు మిగిలింది. ఉదయం మనకు తెలిసే బాధలో పెద్ద భాగం ఆ విరిగిన తలుపుదేనని ఇప్పుడు చాలామంది పరిశోధకులు భావిస్తున్నారు. హ్యాంగోవర్ ఉన్నవారి రక్తంలో సైటోకైన్లు, అంటే రోగనిరోధక కణాలు పంపే సంకేత పదార్థాలు, పెరిగి కనిపించాయి. ఫ్లూ జ్వరంలో ఒళ్లునొప్పులు, నీరసం, ఆలోచన మొద్దుబారడం తెప్పించేవి ఇవే. హ్యాంగోవర్ కూడా జ్వరం లేని జ్వరంలా ఉండటం ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది. దీనికి నిద్ర చెడటం తోడవుతుంది. మద్యం తొందరగా నిద్రపుచ్చుతుంది కానీ రాత్రి రెండో సగంలో ఆ నిద్రను ముక్కలు చేస్తుంది. కడుపు పొర రేగడం మరొకటి.

ఇక నీటి సంగతి. మెదడు కింద భాగం నుంచి వచ్చే వాసోప్రెసిన్ అనే హార్మోన్ మూత్రపిండాలకు "నీళ్లు దాచండి" అని చెబుతుంది. ఆల్కహాల్ ఆ హార్మోన్‌ను అణచివేస్తుంది. ఒక్కో గ్రాము ఆల్కహాల్‌కు సుమారు పది మిల్లీలీటర్ల మూత్రం అదనంగా పోతుందని పాత కొలతలు చెబుతున్నాయి. మా వాడి 90 గ్రాములకు అది దాదాపు లీటరు. దాహం, నోరు ఎండిపోవడం, లేవగానే కళ్లు తిరగడం ఇందువల్లే. అయితే ఈ నష్టంలో ఎక్కువ భాగం రక్తంలో ఆల్కహాల్ పెరుగుతున్న గంటల్లోనే జరిగిపోతుంది. నీరు ఎంత తగ్గిందన్నదానికీ హ్యాంగోవర్ ఎంత తీవ్రంగా ఉందన్నదానికీ పొంతన సరిగా కుదరలేదు. మన రొంపిచర్ల, పీలేరు వైపు మేలో ఎండలో రోజంతా పనిచేసేవారు లీటర్ల కొద్దీ చెమట పోగొట్టుకుంటారు. వారికి దాహం వేస్తుంది, తల కూడా నొప్పి పుట్టవచ్చు. కానీ హ్యాంగోవర్‌లోని వికారం, బెదురు, అపరాధ భావం వారికి ఉండవు కదా.

అందుకే కొబ్బరినీళ్లు, మజ్జిగ, ఉప్పు వేసిన నిమ్మరసం మనల్ని నిరాశపరుస్తాయి. అవి చెడ్డవి కావు, దాహం తీరుస్తాయి. నీటి కొరత ఒక్కటే ఈ బాధ కాదు కాబట్టి మిగతాదాన్ని తాకలేవు. కాఫీ మెలకువ తెప్పిస్తుంది కానీ కాలేయం వేగాన్ని ఒక్క మిల్లీగ్రాము కూడా పెంచదు. రోజూ కాఫీ తాగేవారు ఆ ఉదయం మానేస్తే మాత్రం దాని తలనొప్పి కూడా కలుస్తుంది. పారాసిటమాల్ దగ్గర జాగ్రత్త కావాలి. రోజూ మద్యం తాగేవారి కాలేయంలో ఆ మాత్ర నుంచి పుట్టే విషపదార్థం ఎక్కువవుతుంది, దాన్ని అణచే గ్లూటాథయోన్ నిల్వ తక్కువగా ఉంటుంది. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్‌లైతే ఇప్పటికే రేగిన కడుపు పొరను మరింత రేపుతాయి.

ఉదయాన్నే మళ్లీ ఒక పెగ్గు వేస్తే తగ్గుతుందనేవారు ఉన్నారు. కాసేపు తగ్గుతుంది కూడా, అబద్ధం కాదు. ఆల్కహాల్ సున్నా అయ్యే గంటను అది వాయిదా వేస్తుందంతే. మద్యంలో అతి స్వల్పంగా ఉండే మెథనాల్ అనే మరో రకం ఆల్కహాల్ విరిగితే విషమవుతుంది; దాన్ని విరగ్గొట్టే పని కూడా ఆల్కహాల్ ఉన్నంతసేపు ఆగిపోతుంది, అది పోయాక మళ్లీ మొదలవుతుంది. ఇక్కడొక హెచ్చరిక చెప్పక తప్పదు. కల్తీ సారాలో మెథనాల్ చాలా ఎక్కువగా ఉండవచ్చు. అప్పుడు విషం లక్షణాలు అర రోజు, ఒక రోజు ఆలస్యంగా బయటపడతాయి. చూపు మసకబారినా, కళ్ల ముందు మంచు కురిసినట్టున్నా, ఊపిరి వేగంగా ఆడుతున్నా అది హ్యాంగోవర్ కాదు. మజ్జిగ కోసం వెతక్కుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఎంత లేపినా లేవని మనిషిని కూడా "నిద్రపోనీ" అని వదిలేయకూడదు.

మందులను ఎవరైనా పరీక్షించారా అని అడగవచ్చు. పరీక్షించారు. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సమీక్ష అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ ఏరి చూసి, నమ్మదగిన మందు ఏదీ లేదని తేల్చింది. 2022లో మరో సమీక్ష 21 ప్రయోగాలను చూసింది. ఆధారాల నాణ్యత చాలా తక్కువని చెప్పింది. ఒకరు బాగుందన్న మందును ఇంకొకరు మళ్లీ పరీక్షించి చూడనేలేదు.

మరి ఇంటింటా ఒక మందు ఎందుకుంది? హ్యాంగోవర్ దానంతటదే ఒక రోజులో పోతుంది. అది పోయే ముందు ఏది తాగితే పేరు దానికే దక్కుతుంది. పది గంటలకు వేసుకున్న మాత్రను తిట్టుకుంటాం, ఒంటిగంటకు తాగినదాన్ని మెచ్చుకుంటాం. ఒంటిగంటకు ఏమీ తాగకుండా ఉన్న ఇంకో మేనల్లుడు పక్క మంచంలో ఉంటే తప్ప తేడా తెలియదు.

మా వాడి లారీని ఆరోజు వేరే డ్రైవర్ తీసుకెళ్లాడు. వాడు మా ఇంటికి వచ్చి పడుకున్నాడు. పన్నెండున్నరకు మా అమ్మ రాగి అంబలిలో మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్కలు వేసి ఇచ్చింది. రెండు గంటలకు వాడు లేచి కూర్చుని, "అమ్మమ్మా, నీ అంబలి అమృతం" అన్నాడు. ఇప్పుడు మీకు చెప్పిన లెక్కంతా నోటి చివరిదాకా వచ్చింది. మా అమ్మకు ఎనభై ఆరేళ్లు, మొహం వెలిగిపోతోంది. నేను కూడా ఒక గ్లాసు అంబలి పోయించుకున్నాను.